ముప్ఫై రోజుల గడువు

ఇంగ్లండులోని కోవెంట్రీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, మా ఇంటి ఓనరు, తెలుగు ఆంటీ దగ్గర వంట నేర్చుకుంటూ వీడియోలు తీసి ఒక యాప్‌లో పెట్టేదాన్ని. ఫోన్ నిండినప్పుడల్లా ఫోన్లోవి తీసేసేదాన్ని. యాప్‌లో ఉన్నాయిగా అని ధీమా.

ఆ వీడియోలకు డబ్బులు రావడం మొదలైంది. స్టూడెంట్ వీసా మీద అలా సంపాదించకూడదని తెలిసి, భయపడి అకౌంట్ డీయాక్టివేట్ చేశాను. చదువయ్యాక వీసా మారుతుంది, అప్పుడు తెరుద్దామనుకున్నాను. ముప్ఫై రోజుల్లో లాగిన్ కాకపోతే శాశ్వతంగా పోతుందని స్క్రీన్ మీద రాసే ఉంది. చదివితేగా!

రెండు నెలలకు ఆంటీ చనిపోయారు. "అమ్మ గొంతున్న వీడియో ఒక్కటి పంపవా?" అని వాళ్లబ్బాయి అడిగాడు. తెరవబోతే అకౌంటే లేదు. నేను తీసుకోని డబ్బులూ దాంతోపాటే పోయాయి. అవి పోతే పోయాయి.

"ఉప్పు చూశావా, పిల్లా?" అని ప్రతి వీడియోలో ఆవిడ గొంతు వినిపించేది. "మాట్లాడకండి ఆంటీ, రికార్డయిపోతోంది" అని విసుక్కున్నది నేనే.