ఒకే మెట్టులో రెండు స్వరాలు

అమ్మ పోయాక కోదాడ చర్చిలో ఆమె హార్మోనియం నేనే వాయిస్తున్నాను. ఒక మెట్టు నొక్కితే స్వరం ఉబ్బి తగ్గి, ఉబ్బి తగ్గి, ఆమె ఆఖరి ఎగశ్వాసలా వినిపించేది. భయమేసి సూర్యాపేట నుంచి మరమ్మతు చేసే ఆయనను పిలిపించాను.

ఆయన ఫోన్‌లో ఆ స్వరం గ్రాఫ్ చూపించాడు. "గీడ సూడమ్మా. ఒక ఉబ్బు నుంచి ఇంకో ఉబ్బుకు అర సెకను. అంటే సెకనుకు రెండు. గీ మెట్టుకున్న రెండు రీడ్లు, అంటే పలికే ఇత్తడి రేకులు, ఒక్కతీరుగ పలుకుతలేవు; తేడా గంతే, సెకనుకు రెండు కంపనాలు, రెండు హెర్ట్జ్. దయ్యం లేదు, ఏం లేదు."

తక్కువ శ్రుతిలో పలికే రీడ్ కొసను కాస్త గీకాడు. గ్రాఫ్‌లో ఉబ్బులు దూరం జరిగి, నాలుగు సెకన్లకొకటి అయ్యాయి.

"ఇంకొంచెం గీకితే సాఫుగైతది. ఖతం చేయాల్నా?"

మళ్లీ నొక్కాను. అమ్మ నిద్రలో నెమ్మదిగా ఊపిరి తీస్తున్నట్టుంది.

"ఉండనీ అన్నా," అని, ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను.