నాలుగు రోజుల రెట్టింపు

పెళ్లైన ఆరేళ్లకు నెల తప్పింది. వారం తిరగకముందే కొద్దిగా రక్తం కనబడింది. మా ఆయన బోరుబండితో కర్ణాటక వైపు పోయి ఉన్నాడు. కంబదూరు దగ్గరి మా ఊరి నుంచి అత్త నన్ను అనంతపురం తీసుకుపోయింది.

స్కానులో ఇంకా ఏమీ కనబడలేదు. డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. గర్భం నిలిస్తే రక్తంలో ఒక హార్మోను పెరుగుతుందని, తొలి వారాల్లో రెండు మూడు రోజులకొకసారి రెట్టింపు అవుతుందని చెప్పింది. ఆ రోజు, శనివారం, ఆరువందలు వచ్చింది. సోమవారం అదే ల్యాబులో మళ్లీ ఇమ్మంది.

సోమవారం అమావాస్య.

"అమాస నాడు కడుపుతో ఉండేది పొలిమేర దాటుతుందా? మంగళారం రక్తం తీపిచ్చుకుంటారా ఎవురన్నా? బుధారం పోదాంలే," అంది అత్త. మునుపు ఆమెకు రెండు కాన్పులు పోయినాయి. సరేనన్నాను.

బుధవారం పన్నెండు వందలు వచ్చింది. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"రెట్టింపు అయినాది గదమ్మా! ఏదీ, ఇంగ నవ్వు సూద్దాం."

నవ్వాను. డాక్టరమ్మ కాగితం చూసి నవ్వలేదు.

"సోమవారం ఇచ్చిన రక్తమేనా ఇది?"

"కాదమ్మా, ఈపొద్దే. మద్దెలో అమాస వచ్చె," అంది అత్త.

"నాలుగు రోజులైతే ఇంకా చాలా పెరగాల. ఇది మెల్లగా పెరగతాంది," అందామె. గర్భం నిలవకపోవచ్చు, లేదా గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే ట్యూబులో ఉండవచ్చు, మామూలుగానే ఉండే అవకాశమూ కొంత ఉంది, ఒక్క అంకెతో తేల్చలేనంది. శుక్రవారం మళ్లీ రమ్మంది. కడుపులో పోటు వచ్చినా, కళ్లు తిరిగినా, భుజం నొచ్చినా ట్యూబు పగిలిన గుర్తు కావచ్చని, ఆ నిమిషమే రావాలంది.

బయటికొచ్చాక అత్త బస్టాండు వైపు నడవలేదు.

"ఊరికి పోతే మళ్లా రావాలంటే బస్సు దొరకతాదో లేదో. ఈడే ఉందాం."

తెలిసినవాళ్లింట్లో ఉన్నాం. నేను కదిలినప్పుడల్లా "భుజమేమన్నా నొస్తాందా?" అని అడిగేది. నొప్పి లేదు. లేకపోయినా రెండు భుజాలూ తడుముకుంటూ ఉండేదాన్ని.

శుక్రవారం అంకె పదిహేనువందలు దాటింది. స్కానులో గర్భసంచి ఖాళీగా ఉంది. కుడి ట్యూబు దగ్గర చిన్న గడ్డ కనబడింది.

"నేను ఆపినందుకే ఇట్లయిందా అమ్మా?" అని అత్త అడిగింది.

"కాదు. అది మొదట్నుంచీ ఆడనే ఉంది. మనకు తెలిసేది రెండు రోజులు ఆలస్యమైంది, అంతే. ట్యూబు పగలకముందే వచ్చినారు."

మరుసటి రోజు, ట్యూబులోని గర్భం పెరగకుండా ఆపే ఇంజెక్షను ఇచ్చారు. నాలుగో రోజున, ఏడో రోజున, ఆపైన అంకె సున్నాకు దిగేదాకా వారం వారం రక్తం ఇవ్వాలన్నారు. ఆ నాలుగో రోజు మంగళవారం. అత్తే ముందు లేచి సంచి సర్దింది.

"పోదాం పామ్మా."

ఆ వారాలన్నీ ఆమె నాతో వచ్చింది. పెరగాలని చూసిన అంకె సున్నా కావాలని ఇద్దరం ల్యాబు బెంచీ మీద కూర్చునేవాళ్లం. చివరికి సున్నా అన్నారు. అత్త ఈసారి నా చెయ్యి పట్టుకోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.