బ్రేకు వేస్తే వేగం పెరిగిన బస్సు

మా స్టాఫ్ రూము ఫ్యాను రెగ్యులేటరు మీద అయిదు అంకెలున్నాయి. ఒకటి మీద పెట్టినా, అయిదు మీద పెట్టినా ఫ్యాను తనకు తోచినట్టే తిరుగుతుంది. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో ఇది కాస్త నామోషీ. ఎలక్ట్రీషియన్ని పిలవమని ఆఫీసులో మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "చూద్దామండీ" అన్నారు. చూస్తూనే ఉన్నాం.

ఆ ఫ్యాను కింద, పేజీ ఎగరకుండా డస్టరు బరువు పెట్టి, పాఠ్యపుస్తకానికి ఫోటో తీశాను. అడిగినవాడు మా కంకిపాడు రోడ్డు కాలేజీలో చదివే అరబ్బు దేశపు కుర్రాడు. ఫిజిక్స్ ఒకసారి తప్పాడు. సోమవారం సప్లిమెంటరీ. అదీ పోతే వాళ్ల ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, ఇంటిదారి పట్టాలి. ఇంగ్లీషు లెక్క చదవగలడు గానీ, మధ్యలో వచ్చే వివరణ తలకెక్కదు. "సార్, ఈ ఒక్క పేజీ అరబిక్. ప్లీజ్ అండీ," అన్నాడు. తెలుగు హాస్టల్లో నేర్చుకున్నాడు కనక 'అండీ' ఎక్కడైనా తగిలిస్తాడు.

కాదనలేకపోయాను. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకం ముందు నోరు తెరుచుకుని కూర్చున్నవాణ్ణి. వడి, వేగం, త్వరణం అనే మాటలు లేకపోతే నేను ఈరోజు వేరే ఉద్యోగంలో, బహుశా మంచి ఫ్యాను కింద ఉండేవాణ్ణి.

ఫోటోను ఫోనులోని ఏఐకి ఇచ్చాను. "అరబ్బీలోకి మార్చు, సూత్రాలు మాత్రం ఎడమ నుంచి కుడికే ఉంచు" అన్నాను. నిమిషంలో ఇచ్చింది. నాకు అరబ్బీ ఒక్క అక్షరం రాదు కాబట్టి సూత్రాలు మాత్రం పుస్తకంతో సరిచూశాను. తెర మీద అన్నీ సవ్యంగా ఉన్నాయి. కాపీ చేసి వాట్సాప్‌లో పంపాను. పంపినదాన్ని తెరిచి చూడలేదు. గురువారం నేను చేసిన పని అంతే.

శనివారం వచ్చాడు.

"సార్, బ్రేక్ వేస్తే బస్ ఫాస్ట్ అయిందండీ."

"మన ఆర్టీసీ బస్సా?" అన్నాను. నవ్వలేదు. ఫోను చూపించాడు.

సెకనుకు ముప్ఫై మీటర్ల వేగంతో వెళ్లే బస్సు బ్రేకు వేస్తే ఇరవైకి దిగుతుంది. పుస్తకంలో 20 − 30 = −10. అతని తెర మీద 10− = 30 − 20. ఎడమ నుంచి చదివితే ముప్ఫైలోంచి ఇరవై తీసినట్టు, అంటే బస్సు వేగం పది పెరిగినట్టు. v − u లాంటి ఇంగ్లీషు అక్షరంతో మొదలైన వరుసలు బుద్ధిగా ఎడమ నుంచే ఉన్నాయి. అంకెతో మొదలైనవి మాత్రం చుట్టూ ఉన్న అరబ్బీతో కలిసి కుడి నుంచి నడిచాయి.

"కుడి నుంచి చదివితే కరెక్టే కదా?" అన్నాను, ఆశగా.

"మా స్కూల్లో కుడి నుంచే సార్. ఇక్కడ లెక్క ఎప్పుడూ ఎడమ నుంచే అని మీరే చెప్పారండీ."

చెప్పాను. బల్ల కొట్టి మరీ చెప్పాను.

ఆ పైన వడికీ వేగానికీ పేజీ అంతా ఒకటే మాట, 'సుర్అ'. వేగానికి 'ముత్తజిహా', అంటే దిశ ఉన్నది, అని చేర్చాలట. వన్‌టౌన్‌లో అరబ్బీ నేర్పే పెద్దాయన ఫోన్లో చెప్పారు. పేజీ పంపితే చదివి, "భాష బాగానే ఉందండీ, ఫిజిక్స్ నాకు తెలీదు," అన్నారు. నా పరిస్థితి సరిగ్గా దానికి తిరగేసి ఉంది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాను. కంప్యూటర్లో పేరా దిశ మార్చి సూత్రం సరిచేస్తే, అరబ్బీ వాక్యంలో చుక్క అటు చివరికి పోయింది. వాక్యం సరిచేస్తే మైనస్ మళ్లీ పది వెనక్కి చేరింది. చివరికి కత్తెర తీసుకున్నాను. అరబ్బీ వివరణ ప్రింటు తీసి, పుస్తకం పేజీ జిరాక్సులో సూత్రాలు కత్తిరించి, మధ్యలో గమ్ముతో అంటించాను. కాగితం మీద అంటించిన మైనస్ కదలదు. ఫ్యాను మాత్రం రెండు సూత్రాలను ఎగరేసింది. వాటిని బల్ల కింద వెతికి మళ్లీ అంటించాను.

కుర్రాడు ఆ కాగితం చదివాడు. వేగం దగ్గర తలూపాడు. బస్సు నెమ్మదించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు బ్యాగులోంచి నోటుపుస్తకం తీశాడు. తిరగబడ్డ వరుసలే, ఒక్కొక్కటీ ఇరవైసార్లు చొప్పున, రెండు రోజులుగా రాసి బట్టీ పట్టినవి. పేజీలకు పేజీలు.

"ఇదంతా ఇప్పుడు మర్చిపోవాలాండీ?" అన్నాడు.

"సోమవారం దాకా టైముందిలే," అన్నాను.

నోటుపుస్తకం మూశాడు.

"సార్, మీరు చదవకుండా పంపారు. నన్ను చదవమన్నారు."

ఈసారి 'అండీ' లేదు.