తలుపు మూస్తే పనిచేయని స్విచ్చు

కోవిల్‌పట్టిలో కార్ల కరెంటు పని చేస్తాను. లైట్లు, హారన్లు, తలుపుల అద్దాలు, ఏది మొరాయించినా ఊళ్లోవాళ్లు నా షాపుకే వస్తారు. అందుకే ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నా భార్యకు కిడ్నీలు చెడిపోయాక వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు విరుదునగర్ తీసుకెళ్లేవాణ్ణి. ముందుసీట్లో నా ఎడమపక్కన కూర్చునేది. తిరుగు ప్రయాణంలో ఆమెకు కడుపులో తిప్పేది. ఏసీ వాసన అసలు పడదు. అద్దం దించి మొహానికి గాలి తగలనిస్తే సాత్తూరు దాటేలోపు కాస్త తేరుకునేది.

ఒకరోజు ఆమె తలుపుకున్న స్విచ్చు పనిచేయలేదు. నా వైపున్న స్విచ్చు నొక్కితే మాత్రం ఆమె అద్దం దిగింది. అంటే మోటారు బాగుంది, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటరూ బాగుంది, ఫ్యూజు పోలేదు. ఇక స్విచ్చే చెడి ఉండాలి. షాపులో తలుపు బార్లా తెరిచి, లోపలి అట్ట ఊడదీసి కొత్త స్విచ్చు వేశాను. నొక్కగానే అద్దం దిగింది. పని అయిపోయిందనుకున్నాను.

తర్వాతి ప్రయాణంలో ఆమె మళ్లీ అంది. "ఇది పని సెయ్యలేదండి."

ఇంటికొచ్చాక తలుపు తెరిచి, బయట నిలబడే నొక్కి చూశాను. భేషుగ్గా దిగింది. మూడోసారి అన్నప్పుడు కూడా అంతే. నాకు కోపం వచ్చింది. డయాలసిస్ మొదలయ్యాక ఆమె వేళ్లు వాచి, పట్టు తప్పాయి. గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకునేది. నేనేమో ఆ వేళ్లనే చూపించి, "స్విచ్చు బాగుండాది, మోటారు బాగుండాది. నీ సెయ్యే బాగలేదు. గట్టిగా నొక్కు" అన్నాను.

ఆమె తన వేళ్ల వైపు చూసుకుంది.

ఆ తర్వాత అద్దం దించమని నన్నే అడిగేది. దించేవాణ్ణి. లారీ పొగ వచ్చిందని, దుమ్మని, కాసేపటికే మళ్లీ ఎత్తేసేవాణ్ణి. నాలుగుసార్లు అడిగితే విసుక్కునేవాణ్ణి. క్రమంగా అడగడం మానేసింది. చివరి ప్రయాణంలో సాత్తూరు రాకముందే చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందులోనే వాంతి చేసుకుంది. "అడిగితే దించనా?" అని అరిచాను. "మీకు పొగ పడదు కదా" అంది. పది రోజులకు పోయింది.

కర్మలు అయిపోయాక ఆమె చెల్లెల్ని విరుదునగర్‌లో వాళ్లింటి దగ్గర దింపడానికి బయలుదేరాను. ఆ సీట్లోనే కూర్చుంది. ఊరు దాటాక అద్దం దించబోయి స్విచ్చు నొక్కుతూ, "బావా, ఈ కన్నాడి దిగలేదే" అంది.

గట్టిగా నొక్కమనబోయి ఆగిపోయాను. ఆమె వేళ్లకు ఏ జబ్బూ లేదు.

కారు పక్కకు ఆపి, ఆమెను దిగమని నేనే ఆ సీట్లో కూర్చున్నాను. తలుపు మూసి నొక్కాను. అద్దం కదల్లేదు. తలుపు తెరిచి నొక్కాను. దిగింది. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నేను ఆ సీట్లో తలుపు మూసుకుని కూర్చోలేదు.

తలుపుకీ బాడీకీ మధ్య తీగలు దాటే రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగాను. స్విచ్చుకు కరెంటు తెచ్చే తీగ పైకి నున్నగా ఉంది. వేళ్లతో నలిపితే ఒకచోట మెత్తగా వంగింది. లోపల రాగి తెగిపోయింది. తలుపు తెరిస్తే గొట్టం తిన్నగా అయి తెగిన కొసలు తగులుతున్నాయి. మూస్తే మడతపడి విడిపోతున్నాయి. నా వైపు స్విచ్చుకు కరెంటు వేరే తీగలో వస్తుంది కాబట్టి దానితో ఎప్పుడూ దిగేది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు కూడా ముందు వెతకాల్సిన చోటు అది.

అక్కడే రోడ్డు పక్కన తెగిన ముక్క కోసేసి, కొత్త తీగ కొంచెం వదులుగా అతికి, టేపు చుట్టాను. తలుపు మూసి నొక్కితే అద్దం దిగింది. మరదలు బయట నిలబడి కళ్లు తుడుచుకుంటోంది.

"అక్కకి తెలుసు బావా" అంది. "తలుపు తెరిస్తే పని సేస్తాది, మూస్తే సెయ్యదు అని నాతో సెప్పె. మీతో సెప్పమంటే, వద్దు, ఊరంతా మెచ్చుకునే మనిషి, ఇంట్లో నేను తప్పు పడితే మొగం వాడిపోతాది, ఆ సీట్లో కూసునేది నేనే కదా, ఇంకెన్నాళ్లు అనె."