దొంగ పడ్డ శీర్షిక

పసుపు రైతులకు వారం వారం ఈమెయిల్‌లో వార్తాలేఖ పంపే చిన్న ఆఫీసు మాది, నిజామాబాద్‌లో. రాసేది నేనే. లేఖ పైన పెట్టే సబ్జెక్టు లైను మీద నాకు మహా గర్వం. అది చూసి ఎవరూ తెరవకుండా ఉండకూడదని పంతం. దుంపకుళ్లు గురించి రాసిన లేఖకు "ఇంట్ల దొంగ వడ్డడు!" అని పెట్టి, నా భుజం నేనే తట్టుకున్నాను. పాత లేఖలన్నీ మా వెబ్‌సైట్‌లో దాచేవాళ్లం. మెయిల్‌కు ఏ సబ్జెక్టు లైను ఉంటే అదే పేజీ శీర్షికగా దానంతట అదే పడేది.

వానాకాలంలో వేల్పూర్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో సంచి. అందులోంచి పసుపు మొక్కను తీసి నా బల్ల మీద పెట్టింది. ఆకుల అంచులు ఎండిపోయాయి, దుంప మెత్తబడి కంపు కొడుతోంది.

"ఎకరంల సగం గిట్లనే అయింది బిడ్డా. మీరేం రాయలేదేంది?"

"రాశానమ్మా! నెల కిందనే రాశాను."

"ఇంటర్నెట్ సెంటర్ల ఆ పిలగాడు మీ దాంట్ల దుంపకుళ్లు అని కొట్టిండు. ఏం రాలే. లిస్టు మొత్తం సదివిచ్చుకున్న. దొంగల ముచ్చట ఒకటుండె. మాకెందుకని ఇడిసిపెట్టినం."

మా వెబ్‌సైట్‌లో వెతికే పెట్టె శీర్షికలను మాత్రమే చూస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్కనాడూ ఆలోచించలేదు. ఎంత మిడిసిపాటు నాది!

ఆమెను కూర్చోబెట్టి ఆ పేజీ తెరిచాను. మెయిల్ ఎప్పుడో వెళ్లిపోయింది, దాన్ని మార్చలేం. పేజీ చిరునామాను కదపలేదు, పాత లింకులు తెగిపోతాయి కదా. శీర్షిక ఒక్కటే మార్చాను: "పసుపులో దుంపకుళ్లు: గుర్తుపట్టడం, నీళ్లు తీసేయడం, మందు పోయడం".

మిగతావీ మారుద్దామని పాత లేఖల జాబితాలో కిందికి జరిగాను. "కండ్లు తెరువు బాపూ!" అని ఒకటి. ఎంత తన్నుకున్నా అందులో ఏముందో గుర్తుకు రాలేదు. రాసినదాన్ని నేనే! తెరిచి చూస్తే విత్తన దుంపల ఎంపిక. ఇంకా అలాంటివి ఎన్నో ఉన్నాయి.

"అమ్మా, ఇప్పుడు మీరే చెప్పండి, కొట్టి చూద్దాం" అన్నాను.

ఆమె దుంపకుళ్లు అని చెబితే నేను కొట్టాను. మొదటి వరుసలోనే వచ్చింది. మిగిలిన సగం ఎకరం కోసం నీళ్లు ఎటు తీయాలో, ఏ మందు ఎంత కలపాలో అంతా చదివించుకుంది. తర్వాత తెర మీది కొత్త శీర్షికను వేలితో చూపించింది.

"గింత సక్కగ రాసుడు నీకొస్తది గదా బిడ్డా" అంది, "మరి అప్పుడెందుకు రాయలే?"