పుస్తకంలో లేని బీపీ

ఎనిమిదో తరగతి మధ్యలో నేను బడి మానేసినప్పుడు మా ఇంట్లోవాళ్ళకంటే మా అయ్యవారే ఎక్కువ సంతోషించాడు. ఆ తర్వాత చదువుకున్న మనిషి ఒకడు నన్ను మెచ్చుకోవడానికి పాతికేళ్ళు పట్టింది. ఆయన పుంగనూరు డాక్టరు. మెచ్చుకున్నది నా బుద్ధిని కాదు, నా బీపీని.

అప్పట్లో నేను మదనపల్లె టమోటా మార్కెట్లో ఒక మండీలో వేలం పిలిచేవాణ్ణి. తెల్లారి పుంగనూరు నుంచి బస్సెక్కితే, మార్కెట్లో దిగేసరికి క్రేట్లు వరసలు కట్టి ఉండేవి. వరస పక్కన నడుస్తూ, చుట్టూ మూగిన వ్యాపారుల మొహాలు చూస్తూ, రేటు ఎక్కించుకుంటూ పోవాలి. ఒకడి కనుబొమ్మ కదిలితే ఐదు రూపాయలు, ఇంకొకడి గడ్డం లేస్తే పది. మధ్యలో నోరు ఆగిందా, రేటు చల్లబడిపోతుంది. పక్కనే నిలబడిన రైతు మనల్ని చూసే చూపు ఆ రోజంతా వీపుమీద ఉంటుంది. నాకు ఇల్లూ వాకిలీ అన్నీ నా నోరే.

తొంభైల చివర్లో ఒకరోజు జ్వరానికని పోతే పుంగనూరు డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, నూటడెబ్బై బై నూటపది అన్నాడు. నాకు వెంటనే "నూటడెబ్బై ఐదు" అనాలనిపించింది. అలవాటు. ఆయన నవ్వలేదు. రెండు రకాల మాత్రలు రాసి, ఒక చిన్న పుస్తకం ఇచ్చి, నెలకోసారి వచ్చి బీపీ రాయించుకొమ్మన్నాడు.

ఆ రెండింటిలో ఒకటి నీళ్ళు దిగే మాత్ర. పొద్దున వేసుకున్నానంటే సరిగ్గా మూడో వరస మధ్యలో మూత్రం తన్నుకొచ్చేది. వారం ఓర్చుకున్నాను. ఒకరోజు నూటపదహైదు దగ్గర వేలం వదిలేసి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి మార్కెట్టంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఇంతమందిని ఏడిపించే నన్ను చూసి జనం నవ్వడమా! ఆ రోజుతో మాత్రలు బందు. తలనొప్పి లేదు, నీరసం లేదు, లేని జబ్బుకు మందెందుకని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

కానీ మా ఆవిడ ఊరుకునే మనిషి కాదు. రోజూ పొద్దున రెండు మాత్రలూ నా అరచేతిలో పెట్టేది. "మార్కెట్టు అయినాక వేసుకుంటా" అని జేబులో వేసుకునేవాణ్ణి. మండీలో గోనెసంచుల వెనక ఒక ఖాళీ పొడుం డబ్బీ దాచి అందులో పడేసేవాణ్ణి, నిండితే కాలవలో ఒంపేసేవాణ్ణి. నెలాఖర్లో బీపీ చూపించుకోవడానికి నాలుగు రోజుల ముందు మాత్రం ఆ డబ్బీ తీసి, తప్పకుండా రెండు పూటలా వేసుకునేవాణ్ణి. బడిలో ఏ పరీక్షకూ అట్లా తయారు కాలేదు. నూటముప్పై బై ఎనభై నాలుగు. నెలనెలా అంతే. డాక్టరు నా పుస్తకం ఎత్తి పట్టుకుని బయట బెంచీమీద కూర్చున్న వాళ్ళందరికీ చూపించేవాడు.

"సూడండప్పా, మాత్ర తప్పకపోతే ఇట్లుంటాది. ఈయన మాదిరి పదిమంది ఉంటే నేను నిమ్మళంగా నిద్రపోతా."

మా ఆవిడ మొహం వెలిగిపోయేది. ఇంక నిజం చెప్పేది ఎట్లా? ఫస్టు క్లాసులో పాసైనవాడు కాపీ కొట్టానని చెప్పుకుంటాడా? ఎనిమిదేళ్ళు, తొమ్మిదేళ్ళు అట్లాగే పాసవుతూ వచ్చాను.

నాకు నలభై ఏడేళ్ళప్పుడు, ఒకరోజు మంచంలో పక్కకు తిరిగితే ఇంటికప్పు గిర్రున తిరిగింది. లేచి కూర్చుంటే నిలబడింది. మళ్ళీ పడుకుంటే మళ్ళీ తిరిగింది. పుంగనూరు డాక్టరు చీటీ రాసి కుప్పంలో పెద్దాస్పత్రికి పొమ్మన్నాడు. పలమనేరులో బస్సు మారి పోయాం, నేనూ మా ఆవిడా, బీపీ పుస్తకమూ.

అక్కడ మెదడు, నరాలు చూసే డాక్టరమ్మ నన్ను మంచంమీద కూర్చోబెట్టి, తల ఒకపక్కకు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి వాల్చింది. గది తిరిగింది. నా కళ్ళు చూసి, తలను నిదానంగా రెండోపక్కకు తిప్పి, ఒళ్ళంతా ఆ పక్కకే దొర్లించి లేపింది. తిరుగుడు తగ్గిపోయింది. చెవి లోపల ఇసుకరేణువుల్లాంటివి చోటు తప్పితే ఇట్లా అవుతుందట.

"అయితే పోయొస్తాం మేడం" అని చెప్పులు వేసుకున్నాను.

"ఉండప్పా. బీపీ మనిషివి. ఒకసారి మెదడు స్కాను చూసేద్దాం" అంది.

ఆ గొట్టంలో పడుకుంటే టకటక, డమడమ, ఇద్దరు దళారులు ఒకేసారి కొట్లాడుతున్నట్టుంది. కదలకూడదు, మాట్లాడకూడదు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అదే. మరుసటి రోజు డాక్టరమ్మ ఫిలింను వెలుగు పలకమీద పెట్టింది. నల్లగా, బూడిదరంగుగా ఉన్న మెదడులో అక్కడక్కడా తెల్లచుక్కలు. కొన్ని ఆవగింజలంత, కొన్ని పక్కపక్కనే చేరి ఒకటిగా కలవబోతున్నట్టు.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "గడ్డలా డాక్టరమ్మా?"

"గడ్డలు కావమ్మా. మెదడు లోతుల్లోకి సన్న రక్తనాళాలు పోతాయి. వాటి గోడలు మందమై, బిర్రబిగుసుకుపోతే, అవి పోయే చోటికి రక్తం చాలదు. ఆ చోటు స్కానులో ఇట్లా తెల్లగా కనపడతాది. వయసు పైబడినాక చానామందికి కొన్ని ఉంటాయి. ఈ వయసుకు ఇన్ని ఉండకూడదు." అని బీపీ పుస్తకం తిరగేసింది. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. "మామూలుగా ఇది ఏండ్లపాటు బీపీ ఎక్కువుండే వాళ్ళకు వస్తాది. ఈడ నిన్న ఎక్కువే సూపించింది గానీ, ఆస్పత్రి బెదురుకు కొందరికి అట్లుంటాది; పుస్తకంలో నీ బీపీ సూస్తే నా బీపీకన్నా బాగుండాది. షుగరు లేదు, బీడీ లేదు. మరి యాల వచ్చినట్టు?"

నేను పైకప్పు చూశాను. ఈసారి అది తిరగడం లేదు. ఏం ప్రయోజనం.

"ఇంకేదన్నా జబ్బుందేమో ఎతకాల. రక్తం పరీక్షలు సేద్దాం. అవసరమైతే వెన్నులో సూది పెట్టి నీళ్ళు తీసి సూడాల."

వెన్నులో నీళ్ళు! మా ఆవిడ కళ్ళలో నీళ్ళు అప్పుడే వచ్చేశాయి. చెబుదామనుకున్నాను. ఆవిడ మొహం చూసి మింగేశాను.

డాక్టరమ్మ మొదట, నా బుర్ర పదును చూడాలని, నోటికి పరీక్ష పెట్టింది. వందలోనుంచి ఏడు తీసేస్తూ పొమ్మంది. అది నా మార్కెట్టు.

"తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది, డెబ్బై రెండు, అరవై ఐదు..."

"నిదానం అప్పా, నేను రాసుకోవద్దా?"

తర్వాత ఒక కాగితమిచ్చి ఒకటి నుంచి 'అ'కు, 'అ' నుంచి రెండుకు, రెండు నుంచి 'ఆ'కు గీత గీయమంది. అక్కడ రెండుసార్లు తడబడ్డాను. అక్షరాలతో నాకు పాత గొడవ ఉందన్నాను. ఆమె నవ్వింది గానీ, పట్టిన సమయం మాత్రం రాసుకుంది.

ఆ తర్వాత దీపం ఆర్పి, చిన్న వెలుతురు పరికరంతో నా కంట్లోకి చూసింది. ఒక కన్ను. ఇంకో కన్ను. మళ్ళీ మొదటి కన్ను. దీపం వేసి, పొద్దున తీయించిన గుండె పరీక్ష కాగితం ముందరేసుకుంది.

"అప్పా, ఒళ్ళు కోయకుండా సన్న రక్తనాళాలను నేరుగా సూడగలిగే చోటు కన్నొక్కటే. నీ కంట్లో అవి సన్నబడి, గట్టిపడి ఉండాయి. గుండె గోడ కూడా మందమైనట్టు ఈ కాగితం సెప్తాండాది. ఇయన్నీ ఏండ్ల తరబడి బీపీ ఎక్కువుండే మనిషికి వచ్చేటివి. నీ కన్నొకటి సెప్తాంది, నీ పుస్తకం ఒకటి సెప్తాంది. నేనేది నమ్మాల?"

మా ఆవిడకు కోపం వచ్చింది. "మా ఆయన ఒక్క మాత్ర కూడా తప్పడు మేడం. నా సేతులతో నేనిస్తాండా. పుంగనూరు డాక్టరే మెచ్చుకుంటాడు!"

తొమ్మిదేళ్ళుగా నేను అబద్ధాన్ని మోస్తున్నాననుకున్నాను. దాన్ని మోసింది ఆవిడ. గుండెలమీద పెట్టుకుని మోసింది.

"కన్ను సెప్పేదే నిజం మేడం" అన్నాను.

పొడుం డబ్బీ కథ మొత్తం చెప్పాను. నాలుగు రోజుల ముందర తయారీ, మూడో వరసలో పరుగు, అన్నీ. మామూలుగా నేను కథ చెబితే గదిలో ఒకరైనా నవ్వుతారు. మా ఆవిడ నా చెయ్యి వదిలేసి, కొంగు సర్దుకుని గోడవైపు తిరిగింది.

"వాన్ని పొడవండి డాక్టరమ్మా, సూదితో" అంది గోడతో. "లావు సూది ఉంటే సూడండి."

డాక్టరమ్మ అప్పుడు నవ్వింది. "ఇప్పుడు ఆ సూది అవసరం లేదమ్మా. కారణం దొరికె." నావైపు తిరిగినప్పుడు మాత్రం ఆ నవ్వు లేదు. "బాగా ఇను. ఈ మచ్చలు పోవు. తలనొప్పి రాదు, నొప్పి పుట్టదు, అందుకే నీకు తెలీలేదు. ఇట్లే వదిలేస్తే ఇంకా పెరుగుతాయి. పక్షవాతం రావచ్చు. లేదంటే నిదానంగా నడక మందమౌతాది, ఆలోచన మందమౌతాది. నోట్లో లెక్క ఉంటాది గానీ, రావాల్సినంత బిరీన రాదు."

"వేలం పిలిసేది?"

"ఇప్పటికేం ఢోకా లేదు. పిలువు. ఎన్నాళ్ళు పిలుస్తావనేది చానా మటుకు మాత్రల మీద ఉండాది. బీపీ రోజూ అదుపులో ఉంటే మచ్చలు పెరిగేది తగ్గుతాది. నీళ్ళ మాత్ర నీ పనికి కుదరకపోతే నాకు సెప్పాల గానీ డబ్బీకి సెప్తే ఏం లాభం? దాన్ని మార్చి ఇంకోటి రాస్తా. ఉప్పు తగ్గించు. ఊరగాయ కుండ మీ ఆవిడ దగ్గర పెట్టు."

కుప్పం నుంచి పలమనేరు దాకా మా ఆవిడ బీపీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేజీ తిరగేసింది. పలమనేరులో బస్సు కోసం నిలబడినప్పుడు అడిగింది. "ఆ డబ్బీలో ఎన్ని మాత్రలుండాయి?"

"లెక్క పెట్టలేదు."

"అన్ని లెక్కలూ వచ్చునన్నావే ఆ డాక్టరమ్మ ముందర!"

పుంగనూరులో దిగాం.

ఇంటికి పోనివ్వలేదు. నేరుగా డాక్టరు దగ్గరికి నడిపించింది. బెంచీమీద ఏడెనిమిదిమంది ఉన్నారు, అందరూ నన్ను ఆదర్శంగా చూసినవాళ్ళే. నేను వాకిట్లోనే నిలబడి చెప్పేశాను. డాక్టరు పుస్తకం తెరిచి పెట్టి, నా చేతికి పట్టీ చుట్టాడు. ఆ నెల నేను దేనికీ తయారు కాలేదు.

"నూటఅరవై ఎనిమిది బై నూటనాలుగు" అన్నాడు. ఎర్రసిరాతో రాశాడు. "నేను నిమ్మళంగా నిద్రపోతాండాననుకుంటి గదప్పా."

జేబులోంచి కుప్పం చీటీ తీసి ఆయన బల్లమీద పెట్టాను.

ఆ రోజునుంచి మా ఆవిడ మాత్ర అరచేతిలో పెట్టదు. నాలుకమీద పెడుతుంది. మింగినాక నోరు తెరవమంటుంది. మదనపల్లెలో వెయ్యిమంది వినే నోటిని టార్చిలైటు వేసి చూస్తుంది. ఎర్రసిరా అంకెలు దిగడానికి మూడు నెలలు పట్టింది. ఈసారి దిగినవి అక్కడే నిలబడ్డాయి.

రెండేళ్ళ తర్వాత కుప్పంలో మళ్ళీ స్కాను తీశారు. డాక్టరమ్మ పాత ఫిలిం, కొత్త ఫిలిం పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. మా ఆవిడ నాకంటే ముందుకు వంగింది.

"పాతవి అట్లే ఉండాయి. కొత్తవి నాకేం కనపడలేదు" అంది డాక్టరమ్మ. తర్వాత నావైపు చూసి, "ఊఁ, వందలోనుంచి ఏడు" అంది.

మొదలుపెట్టాను. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది. ఆమె కలం నన్ను అందుకోలేకపోయింది. రెండుకు దిగి ఆగేసరికి పక్కనుంచి మా ఆవిడ బల్లమీద చేత్తో కొట్టి, "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అంది. "పాట మాకే ఖాయం. ఇంక పదప్పా, మాత్ర టైమయింది."