ఒక్క పేజీలోకి రాని మెడల్స్

ప్రెస్సు ఆపరేటర్ కూతురికి సీటు ఎలా వచ్చిందో ఆ వీధిలో అందరికీ తెలుసు, ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా. కిరాణా కొట్టు దగ్గర చెప్పుకునేది మాత్రం ఒకటే. ఆ పిల్ల మెడల్స్ ఎవరూ పట్టించుకోలేదట, అప్పుడు వాళ్ళ నాన్న చెవుడును కాగితం మీద పెట్టి ఏడ్చిందట, అక్కడివాళ్ళు జాలిపడి సీటిచ్చారట. "కన్నతండ్రి లోపాన్ని అమ్ముకుంది," అని పైవాటా అత్త ముక్తాయింపు. అత్త నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి మాట సాయంత్రానికల్లా వీధి చివరిదాకా వెళ్ళింది.

ఆ పిల్లకి మెడల్స్ ఉన్న మాట నిజమే. ముందుగదిలో ఒక గోడంతా అవే. పరుగు పందెం, బొమ్మలు, క్విజ్, వక్తృత్వం, చివరికి చేతిరాత కూడా. మెడల్‌తో వచ్చిన ప్రతి కాగితాన్నీ నాన్న లామినేషన్ చేయించి, ఏ ఏడాదిది ఆ ఏడాది వరసలో తగిలించాడు. గోడ మీద కొత్త మేకు కొట్టాల్సి వచ్చిన రోజు ఆయనకి పండగ. "ఇంకో గోడ కట్టించండి, లేకపోతే నా మొహానికి తగిలిస్తారు," అని అమ్మ దెప్పేది.

వినికిడి చికిత్స కోర్సుకి దరఖాస్తు పెట్టేటప్పుడు, నీ గురించి నువ్వు ఒక్క పేజీ దాటకుండా రాయమన్నారు. మార్కులతో సమానంగా దాన్నీ చూస్తారని కాలేజీలో చెప్పారు. ఆ కోర్సు దొరక్కపోతే పిల్ల ఏదో ఒక డిగ్రీలో చేరి ఊరుకోవాల్సిందే. అందుకని గోడ ముందు కూర్చుని, మొదటి మేకు నుంచి చివరి మేకు దాకా చూసి రాసింది. అక్షరాలు చీమల్లా చిన్నవి చేసినా పేజీ సరిపోలేదు.

దాన్ని తీసుకుని కాలేజీ లైబ్రరీకి వెళ్ళింది. దరఖాస్తులు రాసే పిల్లలందరూ లైబ్రేరియన్‌కే చూపిస్తారు. ఆవిడ ఎవరికీ ఒక్క వాక్యం రాసిపెట్టదు, కొట్టేస్తుంది, అంతే. అందుకే వెనకాల కత్తెర మేడం అంటారు. ఆ పేరు ఆవిడకి తెలుసు, ఇష్టం కూడా.

మేడం చదివి, పైనున్న పేరు మీద అరచెయ్యి పెట్టింది. ఇప్పుడు ఇది ఎవరిదో చెప్పగలవా అని అడిగింది. బాగా చదువుకునే పిల్లలు ఎవరైనా ఇలాగే రాస్తారంది. ఇది కలగూరగంప, అన్నీ ఉన్నాయి, కూర లేదు అంది. మెడల్స్ చెప్పుకోవడానికి దరఖాస్తులో వేరే గడి ఉంది, వరసగా అక్కడ రాసుకో, ఈ పేజీ ఆ కోర్సు నీకే ఎందుకో చెప్పడానికి అని వివరించింది.

పిల్ల మొహం చిన్నబోయింది. వీటిలో బహుమతి ఇవ్వకపోయినా చేసి ఉండే పని ఏది అని మేడం అడిగితే, కాగితం మళ్ళీ పైనుంచి కిందిదాకా చూసి, ఏదీ లేదండీ అంది. అబద్ధం చెప్పే పిల్ల కాదు.

మేడం కాగితం పక్కన పెట్టి వేరే సంగతి ఎత్తింది.

"నువ్వు ఎప్పుడొచ్చినా బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆ కిటికీకి ఎదురుగా నిలబడ్డాకే నోరు విప్పుతావు. ఎందుకమ్మా?"

పిల్ల తన కాళ్ళవైపు చూసుకుంది. నిజమే, అక్కడే నిలబడి ఉంది. వెలుతురు సూటిగా మొహాన పడుతోంది.

"మా నాన్నకి పెదాలు కనపడాలండీ," అంది. ఆ తరవాత అంతా చెప్పింది. ప్రెస్సు మోతలో ఏళ్ళ తరబడి పనిచేసి ఆయన చెవులు పాడయ్యాయి. అరిస్తే మాట చెదిరిపోతుంది గానీ తెలియదు. ఎదురుగా నిలబడి, చిన్న చిన్న వాక్యాల్లో, పదాల చివర్లు మింగకుండా చెబితే అందుతుంది. అన్నాలప్పుడు అమ్మ మాటలూ, జోకులూ సరైన సమయానికి ఆయనకి చేర్చేది తనే. వక్తృత్వంలో బహుమతి అందుకే వచ్చింది. ప్రెస్సులో మోత కొలిచి సైన్సు ప్రదర్శనకి పెట్టింది కూడా అందుకే.

"ఇదీ దారం. దీనికి ఎక్కేవి ఎక్కించు, ఎక్కనివి వదిలెయ్," అంది మేడం.

రెండోసారి రాసినప్పుడు పిల్ల ఒక్కటీ వదల్లేకపోయింది. నాన్న పిలుపు అందుకోవడానికి పరిగెత్తడం నేర్చుకున్నానని, ఆయనకి చూపించడానికే బొమ్మలు వేశానని రాసింది. కత్తెర మేడం నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసేసింది. దారం ఉన్నది గుచ్చడానికి, దారిన పోయేవాళ్ళందరి కాళ్ళూ కలిపి కట్టడానికి కాదంది. పరుగు పోయింది, బొమ్మలు పోయాయి, క్విజ్ పోయింది. వక్తృత్వం అర వాక్యమై మిగిలింది, మోత కొలిచిన సంగతి ఒక పేరా అయింది. చివర్న పిల్లకి నిజంగా అర్థంకాని విషయం ఒకటి వచ్చి చేరింది. నాన్నకి మగవాళ్ళ గొంతులు కాస్త అందుతాయి, చిన్నపిల్లల గొంతులు అందవు. సన్నటి శబ్దాలే ముందు ఎందుకు పోతాయో, వాటిని వెనక్కి తేలేకపోయినా మాటని ఎలా చేర్చాలో నేర్చుకోవాలనుంది అని రాసింది.

అంతా కుదిరింది గానీ మొదటి వాక్యం మేడంకి నచ్చలేదు. "మా ఇంట్లో ఒకరికి సరిగా వినపడదు" అని ఉంది. ఒకరికి అంటే ఎవరికి, దారం కొస ఇక్కడే జారిపోతోంది అంది. నాన్న ఆ సంగతి బయట ఎవరికీ చెప్పడని పిల్ల చెప్పింది. పనిలో తెలిస్తే చులకనవుతానని ఆయన భయం. అడక్కుండా రాయలేనంది. మేడం బలవంతపెట్టలేదు. ఆయన వద్దంటే వేరే దారం వెతుకుదాం, మొత్తం మళ్ళీ మొదటినుంచి, అంది. గడువు దగ్గరపడింది. అయినా పిల్ల కాగితం మడిచి ఇంటికి తెచ్చింది.

నాన్న కాగితాన్ని గుమ్మం దగ్గర కూర్చుని, వేలు పెట్టి చదివాడు. ముందు ఆయన వెతికింది పరుగు మెడల్ కోసం. లేదు. వేరే గడిలో రాశానని పిల్ల ఎదురుగా కూర్చుని చెప్పింది. ఆయన మూతి ముడుచుకున్నాడు. గోడవైపు ఒకసారి చూసి, మళ్ళీ మొదటికొచ్చి చదివాడు. ఈసారి వేలు మొదటి వాక్యం మీద ఆగిపోయింది.

అమ్మ గిన్నె కడగడం ఆపేసింది.

"ఈ ఒకరు ఎవరు? మీ అమ్మా?" అన్నాడు నాన్న.

"నాకు బాగానే వినపడుతుంది, అదే నా కర్మ," అంది అమ్మ లోపల్నుంచి. పిల్ల ఆ మాటని అలవాటుగా ఆయనకి అందించింది. ఆయన నవ్వాడు.

పనిలో తెలిసిపోతుందనే అలా రాశానని పిల్ల చెప్పింది. నాన్న తల అడ్డంగా ఊపాడు.

"పిచ్చితల్లీ, అక్కడ తెలియనిదెవరికి? నేను దాస్తున్నానని వాళ్ళకి తెలుసు. తెలుసని వాళ్ళు దాస్తున్నారు. ఎవరి మర్యాద వాళ్ళది."

పెన్ను అడిగి తీసుకున్నాడు.

ఆ కోర్సుకి పిలుపొచ్చినప్పుడు ఇంటర్వ్యూలో పిల్లని నాన్న గురించి కాసేపే అడిగారు, మోత ఎలా కొలిచావని ఎక్కువసేపు అడిగారు. సీటు కాగితం గోడమీద ఇప్పుడు చివరి మేకుకి ఉంది. దాని పక్కన ఖాళీ లేదని నాన్న పక్కగోడ కొలుచుకుంటున్నాడు. కిరాణా కొట్టు దగ్గర మాటలు నడుస్తూనే ఉన్నాయి. అవి నాన్నకి వినపడవు, అమ్మ పట్టించుకోదు.

కాగితంలో "ఒకరికి" కొట్టేసి "మా నాన్నకి" అని రాసింది ఆ పిల్ల కాదు, నాన్న.